డిమాండ్ రేఖ జరిగాక కొత్త ధర ఎక్కడ ఆగుతుంది? కార్తీకమాసం చికెన్ రేటుతో చూద్దాం

ప్రశ్న: "ఎంఈసీ ఫస్టియర్ చదువుతున్నాను సార్. డిమాండ్ తగ్గితే డిమాండ్ రేఖ ఎడమకి జరిగి ధర పడుతుందని క్లాసులో చెప్పారు. కానీ ధర పడితే జనం ఎక్కువ కొంటారు కదా? అంటే డిమాండ్ పెరిగినట్టే, రేఖ మళ్ళీ కుడికి రావాలి, ధర పాత చోటికే రావాలి. ఇలా ఆలోచిస్తుంటే ఎక్కడా ఆగట్లేదు. పటం చూసి కొత్త ధర ఎలా చెప్పాలి?"

సమాధానం:

మీ లెక్కలో ముడి ఒక్కచోటే పడింది. రేఖ మీద ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు వెళ్లడం వేరు, రేఖ మొత్తం పక్కకు జరగడం వేరు. ధర పడినందువల్ల జనం కాస్త ఎక్కువ కొనడం మొదటి రకం. మీరు దాన్ని రెండో రకంగా లెక్కేస్తున్నారు, అందుకే అంతు దొరకడం లేదు. హైదరాబాద్‌లో ఏటా కళ్లముందు జరిగే విషయంతోనే దీన్ని చూద్దాం. కార్తీకమాసం వస్తే చికెన్ షాపుల ముందు ఆదివారం లైన్లు తగ్గిపోతాయి. నేను ఇంటర్ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని ఉదాహరణ పక్కనపెట్టి దీన్నే తీసుకుంటాను. ఇందులో ఎవరు కొనడం మానేశారో, ఎవరు ఎక్కువ కొన్నారో మనుషులతో సహా చూపించవచ్చు.

ముందు పటాన్ని చదవడం. నిలువు అక్షం మీద ధర, అడ్డం అక్షం మీద పరిమాణం. లెక్కల క్లాసులో కారణాన్ని అడ్డంగా, ఫలితాన్ని నిలువుగా వేయడం అలవాటు. ఇక్కడ ధరను బట్టి పరిమాణం మారుతుంది కాబట్టి ధర అడ్డంగా ఉండాలనిపిస్తుంది. కానీ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి అర్థశాస్త్రంలో ఇలా తిరగేసి వేయడమే ఆనవాయితీ. అందుకని పటం చూసేటప్పుడు ముందు నిలువు అక్షం మీద ఒక ధర పట్టుకోండి. అక్కడి నుంచి అడ్డంగా కుడివైపు వెళ్లి డిమాండ్ రేఖను తాకండి, అక్కడి నుంచి కిందికి దిగండి. 'ఈ ధరకైతే జనం ఇంత కొంటారు' అని వస్తుంది. సప్లై రేఖ దగ్గర కూడా ఇంతే, 'ఈ ధరకైతే అమ్మేవాళ్లు ఇంత తెస్తారు' అని వస్తుంది. రేఖ జరగడాన్ని కూడా ఎప్పుడూ ఎడమ, కుడి అనే చూడండి. పైకి, కిందికి అని చూస్తే సప్లై దగ్గర తప్పకుండా తికమక వస్తుంది. సప్లై తగ్గినప్పుడు ఆ రేఖ పటంలో పైకి లేచినట్టు కనపడుతుంది, పిల్లలు దాన్ని చూసి 'సప్లై పెరిగింది' అని రాసేస్తారు. ఎడమకి జరిగిందా, కుడికి జరిగిందా అని అడిగితే ఆ పొరపాటు రాదు.

ఇప్పుడు ఒక బస్తీ అనుకుందాం. నేను వేసే అంకెలు లెక్క తేలిగ్గా తేలడానికి కల్పించినవే, మార్కెట్ రేట్లు కావు. మామూలు రోజుల్లో కిలో స్కిన్‌లెస్ 240 రూపాయలు, ఆదివారం బస్తీ మొత్తం మీద 1000 కిలోలు అమ్ముడుపోతాయి. ధర 20 రూపాయలు తగ్గితే కొనేవాళ్లు ఇంకో 100 కిలోలు ఎక్కువ కొంటారు, 20 పెరిగితే 100 తక్కువ కొంటారు. అమ్మేవాళ్ల సంగతికొస్తే ధర 20 తగ్గితే 50 కిలోలు తక్కువ తెస్తారు, 20 పెరిగితే 50 ఎక్కువ తెస్తారు. 240 దగ్గర రెండు రేఖలూ కలుస్తాయి. కొనాలనుకున్నదీ 1000, అమ్మాలనుకున్నదీ 1000. దీన్నే సమతౌల్య ధర అంటాం. ఆ ధరకు కొనడానికి వచ్చినవాళ్లెవరూ ఖాళీ చేతులతో వెనక్కి పోరు, షాపులో సరుకు మిగిలిపోదు.

కార్తీకమాసం వచ్చింది. చాలా ఇళ్లలో నెల రోజులు నీచు ముట్టరు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం రోజుల దీక్షలో ఉంటారు, వాళ్లింట్లో మిగతావాళ్లు కూడా చాలాచోట్ల మానేస్తారు. 240 దగ్గర ఇంతకుముందు 1000 కిలోలు కొన్న బస్తీ ఇప్పుడు అదే 240 దగ్గర 700 కిలోలే కొంటుంది. 220 అయినా ఇంతకుముందు కంటే 300 తక్కువే, 260 అయినా 300 తక్కువే. ప్రతి ధర దగ్గరా 300 తగ్గింది కాబట్టి డిమాండ్ రేఖ మొత్తం 300 కిలోల మేర ఎడమకి జరిగింది. కార్తీకమాసం మన రెండు అక్షాల మీదా ఎక్కడా లేదని గమనించండి. పటానికి బయట ఉన్న కారణం మారితేనే రేఖ జరుగుతుంది. ఆదాయం, అభిరుచి, మటన్, చేపల రేట్లు, పండుగ, భయం, ఇవన్నీ అలాంటివే. చికెన్ ధర మాత్రం పటం లోపలే నిలువు అక్షం మీద ఉంది, కాబట్టి అది మారితే మనం రేఖ వెంబడి పైకో కిందికో నడుస్తామే తప్ప రేఖను జరపలేం.

సప్లై రేఖను ముట్టుకోకండి. ఇక్కడ చాలామంది ఆ రేఖను కూడా జరిపేస్తారు. కార్తీకమాసం వల్ల కోడిని పెంచే ఖర్చు మారలేదు, దాణా రేటు మారలేదు. ధర తగ్గితే వాళ్లు తక్కువ తెస్తారు, అది సప్లై రేఖ మీదే కిందికి దిగడం.

ఇప్పుడు పాత ధర 240 దగ్గర ఒక అడ్డగీత గీయండి. అది కొత్త డిమాండ్ రేఖను 700 దగ్గర, సప్లై రేఖను 1000 దగ్గర తాకుతుంది. మధ్యలో ఉన్న 300 కిలోల ఖాళీ అమ్ముడుపోని సరుకు. ధరను కిందికి నెట్టేది ఆ ఖాళీయే. షాపువాడు మధ్యాహ్నానికి చూస్తే జాలీలో కోళ్లు అలాగే ఉంటాయి, బోర్డు మీద 240 తుడిచి 220 రాస్తాడు. 220 దగ్గర జనం 800 కిలోలు కొంటారు, అమ్మేవాళ్లు 950 తెస్తారు. ఇంకా 150 మిగులుంది, కాబట్టి ధర ఇంకా దిగాలి. 200 దగ్గర కొనేది 900, తెచ్చేది 900. ఖాళీ పూడింది. ఒకవేళ ఎవరైనా తొందరపడి 180కి దించితే కొనేవాళ్లు 1000, సరుకు 850. అప్పుడు 150 కిలోల కొరత వస్తుంది, పదకొండింటికే షాపు ఖాళీ అవుతుంది, మర్నాడు రేటు మళ్ళీ పెంచుతాడు. కాబట్టి కొత్త సమతౌల్యం 200 రూపాయలు, 900 కిలోలు.

మీ ప్రశ్నకు జవాబు ఈ 900లోనే ఉంది. రేఖ జరిగింది 300 కిలోలు, అమ్మకం తగ్గింది మాత్రం 100 కిలోలే. మిగతా 200 ఎక్కడి నుంచి వచ్చాయి? ధర 240 నుంచి 200కి పడినందువల్ల తినేవాళ్లు ఎక్కువ కొన్నారు. మీరన్న 'ధర పడితే జనం ఎక్కువ కొంటారు' అనేది ఈ 200 కిలోలే. అది నిజమే, జరిగింది కూడా, కానీ కొత్త రేఖ మీద 700 నుంచి 900కి దిగి రావడంలో దాన్ని ఇప్పటికే లెక్కలోకి తీసేసుకున్నాం. దానికోసం రేఖను మళ్ళీ కుడికి జరిపితే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఆ 200 కిలోలు కొన్నదెవరో కూడా చూడండి. మాల వేసుకున్నాయన చికెన్ చవకైందని మాల తీయడు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండే ఇల్లాలు రేటు తగ్గిందని వండదు. వాళ్లు కొనకపోవడం వల్ల రేఖ జరిగింది, వాళ్లు వెనక్కి రాలేదు కాబట్టి రేఖ కూడా వెనక్కి రాదు. ఎక్కువ కొన్నది ఈ మాసం పట్టింపు లేనివాళ్లు. కిలో కొనే ఇంట్లో కిలోన్నర కొన్నారు, మటన్ కొందామనుకున్నాయన చికెన్ కొన్నాడు, కర్రీ పాయింట్ వాళ్లు ఇంకో నాలుగు కిలోలు కలిపారు. ఇది నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 'ఇప్పుడు ధర మళ్ళీ 240 చేస్తే ఎంత అమ్ముడుపోతుంది?' అని అడగండి. 700 అని జవాబొస్తే రేఖ కొత్త చోటే ఉంది. 1000 అని వస్తేనే రేఖ వెనక్కి వచ్చినట్టు. అలా వచ్చేది కార్తీకం అయిపోయి, దీక్షలు ముగిశాకే. ఏ సందర్భంలోనైనా అనుమానం వస్తే ఇదే చేయండి. ధరను మనసులో ఒకచోట కదలకుండా పట్టుకుని పరిమాణం మారిందా అని చూడండి. మారితే రేఖ జరిగింది, మారకపోతే రేఖ వెంబడే నడుస్తున్నారు.

పటం వేయకుండానే కొత్త ధర చెప్పే పద్ధతి కూడా ఇందులోంచే వస్తుంది. పాత ధర దగ్గర ఖాళీ 300. ధర 20 తగ్గిన ప్రతిసారీ కొనేవాళ్లు 100 పూడుస్తారు, అమ్మేవాళ్లు 50 తగ్గించుకుని ఇంకో 50 పూడుస్తారు. మొత్తం 150. 300ని 150తో భాగిస్తే రెండు. రెండు ఇరవైలు నలభై, కాబట్టి ధర 40 పడుతుంది. రేఖలు తిన్నని గీతలుగా ఉన్నంతవరకు ఈ లెక్క సరిగ్గా వస్తుంది.

ఈ భాగహారాన్ని అర్థం చేసుకుంటే ఇంకో విషయం తేలుతుంది, ఈ పాఠంలో నాకు బాగా నచ్చేది ఇదే. రేఖ అంతే జరిగినా ధర ఎంత పడుతుందనేది రెండో రేఖ ఎంత నిటారుగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. బ్రాయిలర్ కోడి దాదాపు ఆరు వారాల్లో రెండు కిలోల పైచిలుకు బరువుకొచ్చి అమ్మకానికి సిద్ధమవుతుంది. ఆ తర్వాత దాన్ని ఫారంలో ఉంచితే రోజూ దాణా తింటూనే ఉంటుంది, తిన్న దాణాకు తగ్గట్టు బరువు పెరగదు. 'రేటు బాగోలేదు, వచ్చే నెల అమ్ముకుంటా' అనడానికి రైతుకు వీలుండదు. షాపు జాలీలోకి వచ్చేసిన కోడి సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఆ రోజు ఎంతకొస్తే అంతకు పోవాల్సిందే. అంటే ఆ ఒక్క రోజుకు సప్లై రేఖ 1000 కిలోల దగ్గర నిట్టనిలువు గీత. ధర తగ్గినా అమ్మేవాళ్ల వైపు నుంచి ఖాళీ ఏమీ పూడదు, మొత్తం 300 కొనేవాళ్లే పూడ్చాలి. ఇరవైకి 100 చొప్పున మూడు ఇరవైలు. ధర 180కి పడుతుంది, అమ్మకం మాత్రం 1000 కిలోలు అలాగే ఉంటుంది.

కొన్ని రోజులు గడిస్తే షాపులు ఆర్డర్లు తగ్గిస్తాయి, ఫారాల్లో కొందరు బ్యాచ్ ఎత్తడం రెండు మూడు రోజులు వెనక్కి జరుపుతారు. మనం మొదట వేసిన సప్లై రేఖ, ఇరవైకి 50 కిలోలది, ఈ దశది. ధర 200. ఇంకా ఆరు వారాలు ఇలాగే సాగితే ఫారాల్లో కోడిపిల్లల్ని వేయడమే తగ్గిస్తారు. అప్పుడు అమ్మేవాళ్లు ఇరవైకి 200 కిలోల దాకా తగ్గించుకోగలరనుకుందాం, సప్లై రేఖ బాగా వాలుతుంది. 300ని 300తో భాగిస్తే ఒకటి. ధర పడేది 20 మాత్రమే, 220 దగ్గర నిలుస్తుంది, అమ్మకం 800. డిమాండ్ రేఖ మూడుసార్లూ జరిగింది అదే 300. ధర మాత్రం 180, 200, 220. పరీక్షలో 'సప్లై వ్యాకోచత్వాన్ని బట్టి సమతౌల్య ధరలో మార్పు' అని అడిగేది దీన్నే. మూడు పటాలూ వేరువేరుగా వేయకండి. ఒకే పటంలో పాత సమతౌల్య బిందువు గుండా పోయే మూడు సప్లై రేఖలు, ఒకటి నిట్టనిలువుగా, ఒకటి ఏటవాలుగా, ఒకటి బాగా వాలుగా వేసి, ఒక్క కొత్త డిమాండ్ రేఖతో ఖండించండి. చూడగానే అర్థమవుతుంది.

నిజానికి కార్తీకం ఎప్పుడొస్తుందో పంచాంగం చూసి ఫారాలవాళ్లకు ముందే తెలుసు. దానికి తగ్గట్టు ముందు నుంచే పిల్లల్ని తక్కువ వేసేవాళ్లుంటారు. అలా వేస్తే కార్తీకం నాటికి సప్లై రేఖ కూడా ఎడమకి జరిగి ఉంటుంది, రేటు మనం లెక్కేసినంత పడదు. ఏదో ఒక సంవత్సరం కార్తీకంలో రేటు పెద్దగా తగ్గకపోతే పటం తప్పని అనుకోకండి, రెండో రేఖ ఏం చేసిందో చూడండి.

సప్లై రేఖ జరిగే సందర్భం త్వరగా చెప్పేస్తాను, పద్ధతి అదే కాబట్టి. మే నెల ఎండలకు షెడ్లలో కోళ్లు చనిపోతాయి, బతికినవి కూడా దాణా తక్కువ తిని బరువు పెరగవు. ప్రతి ధర దగ్గరా 300 కిలోలు తక్కువ వస్తాయనుకోండి. డిమాండ్ రేఖ కదలదు. 240 దగ్గర కొనేవాళ్లు 1000, సరుకు 700, ఈసారి ఖాళీ కొరత రూపంలో ఉంది కాబట్టి ధర పైకి పోతుంది. ఇరవైకి 150 చొప్పున 40 పెరిగి 280 దగ్గర ఆగుతుంది, అమ్మకం 800 కిలోలు. ధర పెరిగినందుకు జనం 200 కిలోలు తక్కువ కొన్నారు. ఇక్కడ కూడా 'డిమాండ్ తగ్గింది' అని రేఖను ఎడమకి జరిపేయకూడదు.

కార్తీకంలో ధర తగ్గింది, అమ్మకమూ తగ్గింది. ఎండల్లో ధర పెరిగింది, అమ్మకం తగ్గింది. ఏ రేఖ జరిగిందో ఎవరూ చెప్పకపోయినా ఈ గుర్తును బట్టి కనుక్కోవచ్చు. ధర, పరిమాణం రెండూ ఒకే దిక్కుకు పోతే డిమాండ్ రేఖ జరిగింది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే సప్లై రేఖ జరిగింది. ఈ గుర్తు ఒక్క రేఖే జరిగినప్పుడు పనిచేస్తుంది.

రెండూ జరిగిన సందర్భం 2025 ఫిబ్రవరిలో చూశాం. ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అక్కడి ఫారాల్లో కోళ్లను చంపి పూడ్చారు, ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆపి వెనక్కి పంపారు. అంటే హైదరాబాద్‌కు సప్లై రేఖ ఎడమకి జరిగింది. అదొక్కటే జరిగి ఉంటే రేటు పెరగాలి. కానీ ఆ రోజుల్లో నగరంలో చికెన్ రేటు పడిపోయింది, షాపులు వెలవెలబోయాయి. భయంతో జనం కొనడమే మానేశారు, డిమాండ్ రేఖ కూడా ఎడమకి జరిగింది. రెండు రేఖలూ ఎడమకి జరిగితే అమ్మకం తగ్గడం ఖాయం, ధర మాత్రం ఏ రేఖ ఎక్కువ జరిగిందన్నదాని మీద ఉంటుంది. ధర పడిందంటే సప్లై కంటే డిమాండ్ ఎక్కువ జరిగిందన్నమాట. మన బస్తీ అంకెల్లో డిమాండ్ 450, సప్లై 150 ఎడమకి జరిగాయనుకోండి. 240 దగ్గర కొనేది 550, సరుకు 850, మిగులు 300. మళ్ళీ రెండు ఇరవైలే, ధర 200. కానీ అమ్మకం 750 కిలోలు. కార్తీకంలో వచ్చిన 200 రూపాయల ధరే వచ్చింది, అమ్మకం మాత్రం ఇంకా తక్కువ. ధర ఒక్కదాన్నే చూసి రెండు సందర్భాలూ ఒకటే అనుకుంటే పొరపాటు.

బాగా ఉడికించిన చికెన్ తింటే భయం లేదని చెప్పడానికి అప్పట్లో హైదరాబాద్‌లో చికెన్ మేళాలు కూడా పెట్టారు. ఉత్త రేటు తగ్గిస్తే రేఖ వెంబడి కాస్త కిందికి దిగుతాం, భయం పోతే రేఖే కుడికి వస్తుంది. పరీక్షలో రెండు రేఖలూ ఒకే వైపు జరిగిన ప్రశ్న వస్తే పరిమాణం ఎటు పోతుందో ఖాయంగా రాయండి. ధర గురించి మాత్రం 'ఏ రేఖ ఎంత జరిగిందో చెప్పకపోతే నిర్ణయించలేం' అని రాసి, డిమాండ్ ఎక్కువ జరిగినప్పటి పటం ఒకటి, సప్లై ఎక్కువ జరిగినప్పటి పటం ఒకటి పక్కపక్కన వేయండి.